ఒక్క టవర్, మూడు కంపెనీల సిమ్‌లు

ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, వాట్సాప్ మెసేజ్ మాత్రం కదలదు. ఏజెన్సీ ఊళ్లలో ఇది మామూలే. గీతలు చెప్పేది ఫోన్‌కీ టవర్‌కీ మధ్య సంగతే. ఆ టవర్‌ను పట్నంలోని ప్రధాన నెట్‌వర్క్‌తో కలిపే దారి వేరే ఉంది. దాన్ని బ్యాక్‌హాల్ అంటారు. మారుమూల కవరేజీ ఖర్చులో పెద్ద చిక్కు అక్కడే.

మైదానంలో అయితే ఫైబర్ పాతేయొచ్చు. పాడేరు కొండల్లాంటి చోట 30 కిలోమీటర్లు తవ్వాలంటే రాయి అడ్డం, అడవి అనుమతులు అడ్డం; వేశాక కొండచరియ విరిగితే తెగిన చోటు వెతుక్కోవాలి. మైక్రోవేవ్ లింక్‌కి ఆ నేలతో పనే లేదు. రెండు కొసలా రెండు డిష్‌లు చాలు.

అయితే ఒక డిష్‌కి ఇంకొకటి కనబడాలి. కనబడితేనే సరిపోదు కూడా. 7 గిగాహెర్ట్జ్ తరంగం 30 కిలోమీటర్లు వెళ్లేటప్పుడు నడిమధ్యన చుట్టూ దాదాపు 18 మీటర్ల మేర పరుచుకుంటుంది. అందులో కనీసం 60 శాతం, అంటే 11 మీటర్ల దాకా, ఖాళీగా ఉండాలి. పైగా భూమి వంపు వల్ల అక్కడ నేల మరో 13 మీటర్లు ఎత్తున్నట్టు లెక్క. చెట్ల ఎత్తు దీనికి అదనం. అందుకే ఇంజినీర్లు ముందు శిఖరాన్ని వెతుకుతారు, టవర్‌ని తర్వాత. ఈనాడు సరిపోయిన లింక్ నాలుగేళ్లలో చెట్లు పెరిగి బలహీనపడటమూ ఉంది.

దారి చవకైనా టవర్ చవక కాదు. స్థలం, ఇనుము, బ్యాటరీలు, కరెంటు లేని చోట రోజూ కొండెక్కాల్సిన డీజిల్. రెండు వందల గడపల ఊరికి ముగ్గురు ఆపరేటర్లు మూడుసార్లు ఈ ఖర్చు పెట్టరు. అసలు ఒక్కరే పెట్టడం కష్టం. 2007లో కేంద్రం సార్వత్రిక సేవా నిధితో కట్టించిన 7 వేల పైచిలుకు గ్రామీణ టవర్లను ముగ్గురు ఆపరేటర్లు పంచుకునేలా రూపొందించింది అందుకే.

అప్పట్లో పంచుకున్నది స్తంభాన్నీ కరెంటునీ. రేడియో పరికరాలు ఎవరివి వారివే. 2025 జనవరిలో ఇంకో మెట్టెక్కారు. ప్రభుత్వ నిధితో కట్టిన సుమారు 27 వేల 4జీ సైట్లలో బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో సిమ్‌లలో ఏది ఉన్నా, టవర్ ఎవరిదన్న తేడా లేకుండా పనిచేసే ఏర్పాటు మొదలైంది. దీన్ని ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు. ఒకే రేడియో, ఒకే బ్యాక్‌హాల్, ఒకే డీజిల్ డబ్బా.

ఆ పొదుపుకి ధర ఉంది. ఆ ఒక్క లింక్‌ని అందరూ పంచుకోవాలి కాబట్టి సంతరోజు సాయంత్రం వేగం పడిపోతుంది. పది గిగాహెర్ట్జ్ దాటిన లింకులను జడివాన దెబ్బతీస్తుంది. తెగిపోకుండా నిలబడటానికి అవి తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. లింక్ పూర్తిగా పడిపోతే మూడు సిమ్‌లూ ఒకేసారి మూగబోతాయి. జేబులో రెండో కంపెనీ సిమ్ పెట్టుకున్నా అప్పుడు లాభం లేదు.