రెండు శాతం తగ్గింపు ఎవరి జేబులోకి?

టోకు వ్యాపారం చేసేవారికి సేల్స్‌మన్ చెప్పే మాట ఒకటి బాగా అలవాటు. "అవతలి వాళ్లు అరవై రోజులు అరువిస్తున్నారండీ. మనం ముప్పై రోజులంటే సరుకు ఎవరు తీసుకుంటారు?" ఈ మాటకు మెత్తబడి గడువు పెంచేస్తే అమ్మకాలు పెరుగుతాయి. లాభం పెరిగిందో లేదో మాత్రం అమ్మకాల పుస్తకం చెప్పదు. అందుకు వేరే లెక్క వేయాలి.

లెక్క కోసం ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. పైపులు, కుళాయిలు, ఫిట్టింగులు చుట్టుపక్కల ఊళ్ల షాపులకు పోసే టోకు వ్యాపారం. ఏడాదికి 2.40 కోట్ల అమ్మకం, అంతా అరువు మీదే. గడువు 30 రోజులు, డబ్బూ సగటున అప్పటికే వస్తోంది. నూటికి ఒక రూపాయి మొండిబాకీగా పోతోంది. రూపాయి అమ్మకంలో సరుకు ఖరీదు, రవాణా, కూలి కలిపి 80 పైసలు పోతే 20 పైసలు మిగులుతాయి. బ్యాంకు ఓడీ మీద వడ్డీ 12 శాతం.

కొత్త ప్రతిపాదన ఇది: గడువు 60 రోజులు, పది రోజుల్లో కట్టేసినవారికి బిల్లులో 2 శాతం తగ్గింపు. బిల్లు అడుగున ‘2/10, నెట్ 60’ అని వేస్తారు. దీనివల్ల అమ్మకం 3 కోట్లకు చేరుతుందని, అందులో సగం మొత్తానికి తగ్గింపు వాడుకుంటారని, మిగతా సగం అరవయ్యో రోజున వస్తుందని, మొండిబాకీలు 2 శాతానికి ఎగబాకుతాయని అంచనా.

ఇక్కడ పాతది మొత్తం, కొత్తది మొత్తం వేసుకుని పోల్చనక్కర్లేదు. మారేవాటినే పట్టుకోవాలి. గోడౌన్ అద్దె, గుమాస్తా జీతం రెండు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి వాటి జోలికి పోనక్కర్లేదు. పెరిగిన 60 లక్షల అమ్మకం మీద రూపాయికి 20 పైసల చొప్పున 12 లక్షలు వస్తాయి. వచ్చేది అంతే, ఇక మిగిలినవన్నీ పోయేవే.

కోటిన్నర మీద తగ్గింపు 3 లక్షలు. మొండిబాకీలు 2.40 లక్షల నుంచి 6 లక్షలకు పెరుగుతాయి కనుక అదనపు నష్టం 3.60 లక్షలు. బాకీల వసూలుకు సగటున 30 రోజులు పట్టేది ఇకపై 35 రోజులవుతుంది. దానివల్ల బాకీల్లో ఇరుక్కునే పెట్టుబడి, ఖరీదు లెక్కన, 16 లక్షల నుంచి 23.33 లక్షలకు చేరుతుంది. పెరిగిన 7.33 లక్షల మీద వడ్డీ 88 వేలు. అదనంగా 5 లక్షల స్టాకు పెట్టుకోవాలి, దాని వడ్డీ 60 వేలు. వసూళ్లకు తిరిగే కుర్రాడి జీతం ఏడాదికి 1.80 లక్షలు. అన్నీ తీసేస్తే చేతికి మిగిలేది 2.12 లక్షలు.

మొండిబాకీ దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు. "పోయింది సరుకు ఖరీదే కదా" అని రూపాయికి 80 పైసలే రాసుకుంటారు. 12 లక్షలు లెక్కవేసినప్పుడు ఆ రానిబాకీ మీది 20 పైసల లాభాన్నీ వచ్చినట్టే వేసుకున్నాం. కనుక పూర్తి రూపాయి తీసేయాల్సిందే.

2.12 లక్షలు లాభమేగా, కానిచ్చేద్దాం అనుకునేలోపు తగ్గింపు వైపు ఒకసారి చూడాలి. గడువు పెంపు, తగ్గింపు అనేవి రెండు వేర్వేరు నిర్ణయాలు. రెండింటినీ ఒకే మూటగా కడితే ఒకదాని నష్టం రెండోదాని లాభం చాటున దాక్కుంటుంది. కొత్త అమ్మకం 60 లక్షలే, తగ్గింపు మాత్రం 3 కోట్లకూ వర్తిస్తుంది. పాత, కొత్త షాపులు ఒకే పాళ్లలో వాడుకుంటే ఇచ్చిన 3 లక్షల్లో 2.40 లక్షలు ఎప్పటినుంచో కొంటున్నవారికే పోతాయి. వాళ్లలో కొందరు ఇదివరకు కూడా వారం తిరక్కుండా కట్టేసేవారైతే, వాళ్లకిచ్చింది ఊరికే ఇచ్చినట్టే.

తగ్గింపు లేకుండా అందరికీ 60 రోజులే ఇచ్చారనుకోండి. అమ్మకం, మొండిబాకీలు అవే ఉంటే బాకీల్లో పెట్టుబడి 40 లక్షలవుతుంది, అదనపు వడ్డీ 2.88 లక్షలు. అయినా 3 లక్షల తగ్గింపు మిగులుతుంది కాబట్టి నికర లాభం 3.12 లక్షలకు పెరుగుతుంది. కారణం తేలికే. 50 రోజులు ముందుగా డబ్బు తెచ్చుకోవడానికి 98 రూపాయలకు 2 రూపాయలు వదులుకోవడమంటే ఏడాదికి దాదాపు 15 శాతం వడ్డీ కట్టడం. బ్యాంకు 12 శాతానికే ఇస్తోంది.

అయితే తగ్గింపు వల్ల మరో ప్రయోజనం ఉంది. పదో రోజున వచ్చిన డబ్బు ఇక మొండిబాకీ కాలేదు. తగ్గింపు తీసేస్తే పోయే బాకీలు ఏడాదికి లక్ష రూపాయలకు మించి పెరుగుతాయనిపిస్తే దాన్ని ఉంచడమే మేలు. పైగా తగ్గింపు వదులుకున్న షాపు ఒక సంగతి చెప్పకనే చెబుతోంది. 15 శాతం లాభాన్ని కాదంటున్నారంటే బహుశా అంతకంటే చౌకగా అప్పు పుట్టడం లేదన్నమాట. అరవయ్యో రోజు జాబితాలో మిగిలేది ఎక్కువగా ఇలాంటివారే.

మొండిబాకీ 2 శాతం అనే అంకె కూడా మెత్తగా కనిపించే అంకె. పాతవారి తీరు మారలేదనుకుంటే పెరిగిన 3.60 లక్షలు పూర్తిగా కొత్త 60 లక్షల అమ్మకంలోంచి పోతున్నాయి. అంటే కొత్తవారి దగ్గర నూటికి ఆరు రూపాయలు! ఇక మొత్తం మీద 2 బదులు 3 శాతం పోయిందంటే 2.12 లక్షల లాభం కాస్తా 88 వేల నష్టంగా మారుతుంది. నిర్ణయమంతా ఆ ఒక్క శాతం మీద నిలబడి ఉంది.

మన దేశంలో జీఎస్టీ బరువొకటి. కొన్న షాపు డబ్బు ఎగ్గొట్టినా, బిల్లు మీద ప్రభుత్వానికి కట్టిన పన్ను తిరిగి రాదు. పైపుల మీద 18 శాతం పన్ను కనుక అదనంగా పోయే 3.60 లక్షలతోపాటు మరో 65 వేలు పోయినట్టే. ఇక అమ్మేది టోకు వ్యాపారి కాకుండా నమోదైన చిన్న పరిశ్రమ అయితే 60 రోజుల గడువే కుదరదు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు.

అమలు చేశాక సగటు వసూలు రోజులు చూసి సంతృప్తి పడకూడదు. సగం పదో రోజున, సగం అరవయ్యో రోజున కట్టినా సగటు 35 రోజులే, అందరూ 35వ రోజున కట్టినా 35 రోజులే. కొత్త షాపుల బాకీలను పాతవారితో కలపకుండా 30, 60, 90 రోజులు దాటినవిగా విడిగా రాసుకోవాలి. ఇంతకుముందు 31వ రోజున తెలిసే ఎగవేత ఇప్పుడు 61వ రోజు దాకా తెలియదు, ఈలోపు అదే షాపు మరో రెండు లోడ్లు ఎత్తుకుపోతుంది. అందుకే ఒక్కో కొత్త షాపుకూ అరువు పరిమితి పెట్టాలి. ఇరవై ఐదో రోజున చెక్కు పంపుతూ 2 శాతం కోసుకునేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ తేడాను వాళ్ల ఖాతాలో బాకీగా నిలిపి, తర్వాతి బిల్లుతో కలిపి అడగాలి.