మిగిలిన సరుకుకు ఏ ధర?

వంటనూనె హోల్‌సేల్ కొట్టు ఒకటి ఊహించుకుందాం. యజమాని మొదట 100 టిన్నులు 2,000 రూపాయల చొప్పున కొన్నాడు. ధర పెరిగాక మరో 100 టిన్నులు 2,300 చొప్పున తెచ్చాడు. మార్చి 31లోగా 120 టిన్నులు 2,400 చొప్పున అమ్మితే 2,88,000 వచ్చాయి. జీఎస్టీని, ఇతర ఖర్చులను పక్కన పెడదాం. లాభమెంత?

గోడౌన్‌లో మిగిలిన 80 టిన్నులకు కట్టే ధరను బట్టి ఉంటుంది.

ముందు వచ్చిన సరుకే ముందు అమ్ముడైందని లెక్కించే పద్ధతి ఫిఫో. దాని ప్రకారం మిగిలినవన్నీ 2,300 నాటి టిన్నులే. స్టాకు విలువ 1,84,000, లాభం 42,000. వెయిటెడ్ యావరేజ్‌లో రెండు కొనుగోళ్లనూ కలిపి, ఒక్కో టిన్నుకు 2,150 అని సగటు కడతారు. అప్పుడు స్టాకు 1,72,000, లాభం 30,000. సరుకూ అదే, గల్లాపెట్టెలో డబ్బూ అదే. లాభంలో తేడా మాత్రం 12,000. యజమాని 30 శాతం శ్లాబులో ఉంటే, సెస్ కాక, ఫిఫో వల్ల ఈ ఏడాది 3,600 అదనంగా పన్ను కట్టాలి.

అలాగని సగటు పద్ధతి ఆ పన్నును మాఫీ చేయదు. ఆ 80 టిన్నులూ వచ్చే ఏడాది అదే 2,400కు అమ్ముడైతే ఫిఫోలో 8,000, సగటులో 20,000 లాభం తేలుతుంది. రెండేళ్లూ కలిపితే ఎటు చూసినా 50,000. మారేది పన్ను కట్టే సమయమే. అయితే సరుకు కొనడానికి అప్పు తెచ్చే వ్యాపారికి ఆ ఏడాది వ్యవధి కూడా విలువైనదే. ధరలు పడిపోతున్న కాలంలో ఫలితం తిరగబడి, ఫిఫోలోనే లాభం తక్కువగా కనిపిస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. మిగిలిన సరుకును కొన్న ఖర్చు, అమ్మితే చేతికొచ్చే నికర విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికే లెక్కగట్టాలి. మార్చి 31 నాటికి టిన్నుకు 2,100 మాత్రమే వచ్చే పరిస్థితి ఉంటే, రెండు పద్ధతుల్లోనూ స్టాకు 1,68,000కు దిగుతుంది. లాభం 26,000 దగ్గర కలుస్తుంది. తేడా మాయమవుతుంది.

మరి ఏటా లాభసాటి పద్ధతి ఎంచుకోవచ్చా? కుదరదు. ఆదాయపు పన్ను లెక్కల్లో సరుకు విలువకు వర్తించే ఐసీడీఎస్-2 ప్రమాణం, తగిన కారణం లేకుండా పద్ధతి మార్చడాన్ని అనుమతించదు. మార్పు అనుకోకుండానూ జరగవచ్చు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా ఈ ఎంపికను మారిస్తే పాత స్టాకు విలువ కూడా మారిపోవచ్చు. నిరుటి రిటర్నులో చూపిన ముగింపు స్టాకు, ఈ ఏడాది ప్రారంభ స్టాకు రూపాయితో సహా సరిపోలకపోతే మొదట చూడాల్సింది ఆ ఎంపికనే.