అద్దం ఫోటోలో ముందు చూడాల్సింది భుజం

పెళ్లి ఇంకో రెండు వారాలుందనగా కుర్రాడు కొత్త షేర్వానీ తొడుక్కుని, అద్దం ముందు నిలబడి ఫోటో తీసి ఇంటివాళ్ల గ్రూపులో పెడతాడు. రంగు బాగుందని ఒకరు, మెడ దగ్గర వర్క్ అదిరిందని ఇంకొకరు రాస్తారు. అదే ఫోటో కుట్టిన మాస్టర్ చేతికి వెళ్తే ఆయన రంగు జోలికి పోడు. బొమ్మను వేళ్లతో పెద్దది చేసి, భుజం కుట్టు ఎక్కడ ఆగిందో వెతుకుతాడు. చేతులు, పొడవు ఆ తర్వాతే.

ఈ వరస ఊరికే పుట్టలేదు. చెయ్యి పొడవైతే కుదించొచ్చు, కింద అంచు ఎక్కువైతే మడవొచ్చు. భుజం తప్పితే మాత్రం చేతులు విప్పి, లోపలి కాన్వాస్, ప్యాడ్ తీసి, చంక కోత మార్చి, మళ్లీ చేతులు ఎక్కించాలి. భుజం మీద జర్దోసీ వర్క్ ఉంటే చాలామంది మాస్టర్లు ఆ పని ఒప్పుకోరు. పైగా చెయ్యి వేలాడేది భుజం నుంచే కాబట్టి, భుజం సరిగా కూర్చోకుండా చేతి కొలత చూసినా అది నిలవదు.

ముహూర్తానికి పట్టుపంచె కట్టినా, రిసెప్షన్‌కి షేర్వానీయో సూటో తప్పనిసరి అయింది మన ఇళ్లల్లో. నిజాంల కాలం నుంచీ షేర్వానీ మర్యాద దుస్తుగా నడిచిన హైదరాబాద్‌లో అది కుట్టడం తెలిసిన చేతులకు కొరత లేదు. అందుకే పెళ్లికొడుకు అమెరికాలో ఉన్నా బట్టలు ఇక్కడే కుట్టించి పంపుతుంటారు. అప్పుడిక ఒంటి మీద చెయ్యి పెట్టి చూసే అవకాశం మాస్టర్‌కి ఉండదు. ఉన్న ఆధారమంతా ఫోటోయే. ఆ ఫోటో ఎలా తప్పుదారి పట్టిస్తుందో ముందు తెలియాలి.

డాలస్‌లో ఉన్న మా మేనల్లుడి షేర్వానీ సంగతే తీసుకుంటాను. అతను పంపిన మొదటి ఫోటోలో కుడి చేత్తో ఫోన్ ఛాతీ ముందు పట్టుకుని ఉన్నాడు. ఎడమ చెయ్యి కిందికి వేలాడుతోంది. కుడి భుజం పైకి లేచి, ఆ పక్క చెయ్యి మణికట్టు మీదికి ఎగబాకింది. బొత్తాల దగ్గర అడ్డంగా ముడతలు పడ్డాయి. ఇంట్లో అందరూ అన్న మాట ఒకటే, "కుడి చెయ్యి పొట్టిగా కుట్టారు!"

మాస్టర్ ఒప్పుకోలేదు. "అమ్మా, మోచెయ్యి మడిస్తే ఎవరి చెయ్యయినా పైకి పోతుంది. బాబుని ఫోన్ ఎక్కడైనా నిలబెట్టి, రెండు చేతులూ వదిలేసి తీయమనండి" అన్నాడు మా అక్కతో. ఆ మాట నిజం. ఫోన్ పట్టుకున్న పక్కన భుజం, చెయ్యి, ఛాతీ ముడతలు ఏవీ లెక్కలోకి తీసుకోకూడదు.

అయితే ఆ ఫోటోను పారేయాల్సిన పని కూడా లేదు. చెయ్యి ఎత్తినప్పుడు కోటు ఎంత కదిలిందన్నది అది బాగా చూపిస్తుంది. మోచెయ్యి కాస్త మడిచినంత మాత్రాన కింద అంచు మొత్తం పైకి లేచి, మెడ దగ్గర కాలర్ విడిపోయిందంటే చంక కోత మరీ కిందికి ఉన్నట్టు. రిసెప్షన్‌లో వచ్చినవాళ్లందరికీ దండం పెడుతూ, చేతులు కలుపుతూ ఉంటే ఆ కోటు రాత్రంతా ఎగిసి పడుతూనే ఉంటుంది. మావాడి ఫోటోలో కింద అంచు పెద్దగా కదల్లేదు. ఆ ఒక్క భయం తీరింది.

రెండో ఫోటోకి అతను ఫోన్‌ను పుస్తకాల అరలో ఛాతీ ఎత్తున నిలబెట్టి, టైమర్ పెట్టి తీశాడు. ఫోన్ మరీ పైనుంచి చూస్తే కాళ్లు కుదించుకుపోయి షేర్వానీ పొడుగ్గా కనిపిస్తుంది, కిందినుంచి చూస్తే దానికి తిరగబడుతుంది. దగ్గర నిలబడి వైడ్ లెన్స్‌తో తీస్తే అంచుల్లో ఉన్నవి సాగుతాయి కాబట్టి 1x మీదే ఉంచి దూరం జరగాలి. అద్దంలోకి తీయక తప్పకపోతే అద్దానికి ఒకటిన్నర మీటర్ల దూరం చాలు. ఫోన్‌కి మనిషి దానికి రెట్టింపు దూరంలో ఉన్నట్టే కనిపిస్తాడు. కానీ అద్దం నిలువుగా ఉండాలి. గోడకు చేరగిలబెట్టిన అద్దంలో చూసి పొడవు తేల్చకండి. ఫ్లాష్ వద్దు, పక్కనున్న కిటికీ వెలుతురు మేలు. వెల్వెట్, ముదురు నీలం లాంటి వాటిమీద ఎదుటి వెలుతురులో ముడతలు అస్సలు దొరకవు.

ఇప్పుడు భుజం. చెయ్యి మొదలయ్యే చోట పైన వేలితో నొక్కితే గట్టిగా తగిలే ఎముక ఉంటుంది. కుట్టు ఆ ఎముక అంచు దగ్గర ఆగాలి. దాన్ని దాటి బయటికి పోయి, దాని కింద చెయ్యి లోపలికి సొట్టపోయినట్టు నీడ పడిందంటే భుజం వెడల్పెక్కువ. కుట్టు ఎముకకు ఇవతలే ఆగి, చెయ్యి పైభాగం గుండ్రంగా ఉబ్బి, అక్కడ గుడ్డ బిగుసుకుంటే భుజం చాలలేదు. వెడల్పును కాస్త ప్యాడ్‌తో కప్పిపుచ్చొచ్చు. చాలని భుజానికి గుడ్డ ఎక్కడినుంచీ రాదు, కాబట్టి అది కనిపిస్తే ఆ రోజే మాట్లాడాలి.

మావాడి రెండో ఫోటోలో కుట్లు రెండూ సరైన చోటే ఉన్నాయి. కానీ ఒక పక్క మెడ దగ్గర మొదలై చంక వైపు ఏటవాలుగా ఒక ముడత జారింది. రెండో పక్క శుభ్రంగా ఉంది. ఇలాంటి ముడత ఒక్క పక్కే ఉంటే కుట్టులో తప్పని అనుకోనక్కర్లేదు, ఆ పక్క భుజం కొంచెం దిగి ఉంటుంది. చాలామందికి ఒక భుజం ఇంకోదానికన్నా కిందికే ఉంటుంది, కుడిచేతివాటం వాళ్లలో అది తరచు కుడిదే. మందు సులువే. ఆ పక్క లోపల పల్చటి ప్యాడ్ ఒకటి పెడితే గుడ్డ లేచి ముడత పోతుంది.

ఏ పక్క అన్నది తేలడంలోనే అసలు ప్రమాదం ఉంది. అద్దంలో తీసిన ఫోటోలో మన కుడి చెయ్యి బొమ్మలో కుడి వైపే కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి ఇంకొకరు తీస్తే అది బొమ్మలో ఎడమ వైపుకి వస్తుంది. ఏ రకం ఫోటోయో చెప్పకుండా పంపితే, సరిగ్గా ఉన్న భుజానికి ప్యాడ్ పడి, వాలిన భుజం అలాగే మిగిలిపోతుంది. పోల్చుకోవడానికి ఒక గుర్తుంది. మగవాళ్ల కోట్లకి ఛాతీ జేబు మన ఎడమ పక్క ఉంటుంది, బొత్తాల పట్టీలో ఎడమ అంచు పైకి వస్తుంది. జేబు బొమ్మలో కూడా ఎడమవైపే కనబడితే అది అద్దం ఫోటో. అయినా ఊహకి వదలకుండా ఎడమ చేతికి కాగితం ముక్క ఒకటి అంటించి, "కాగితం ఉన్నది ఎడమ చెయ్యి" అని రాసి పంపితే గొడవే లేదు.

భుజం తేలాకే చేతుల దగ్గరికి రావాలి. సూటు చెయ్యి మణికట్టు ఎముక దగ్గర ఆగి, లోపలి చొక్కా అర అంగుళం బయటికి కనిపించాలి. షేర్వానీకి ఆ చొక్కా అంచు ఉండదు కాబట్టి చెయ్యి ఇంకాస్త దిగి, బొటనవేలు మొదలయ్యే చోటిదాకా వస్తే సరిపోతుంది. లోపలి కుర్తా చెయ్యి మాత్రం బయటికి తొంగిచూడకూడదు. మావాడికి రెండు చేతులూ బొటనవేలి మొదలు దాటి అర అంగుళం దిగాయి. అక్కడే మడిచేద్దామంటే చేతి చివర జర్దోసీ పట్టీ ఉంది, మడిస్తే పట్టీ లోపలికి పోతుంది. ఇలాంటప్పుడు చేతిని భుజం దగ్గర విప్పి పైనుంచి కుదించాలి. నిజంగా తెరుచుకునే బొత్తాలున్న సూటు చేతికీ ఇదే దారి. పని పెద్దది, కూలీ ఎక్కువ. ప్యాడ్ పెట్టాక ఆ పక్క చెయ్యి కొంచెం పైకి పోతుంది కూడా, అందుకే మాస్టర్ ముందు ప్యాడ్ పెట్టించి, మళ్లీ ఫోటో చూశాకే చేతుల మీద కత్తెర పెట్టాలన్నాడు. ఆ పని చేసింది డాలస్‌లో ఉండే ఒక దర్జీ, చెప్పింది మాత్రం హైదరాబాద్ నుంచి ఈయనే. ప్యాడ్ పడ్డాక ముడత పోయింది. కుడి చెయ్యి పావు అంగుళం కుదిరితే చాలని, ఎడమది అర అంగుళం అని తేలింది. ముందే రెండూ సమానంగా కుదించి ఉంటే ఒకటి పొట్టయ్యేది.

పొడవుకి ఎదుటి ఫోటో చాలదు. పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి కావాలి. పొట్ట ఉన్నవాళ్లకి ముందు గుడ్డ పైకి ఎత్తుకుని, వెనక అంచు కిందికి వేలాడుతుంది. అది ఎదురుగా చూస్తే పట్టుబడదు, పక్కనుంచి చూస్తే అంచు నేలకి సమాంతరంగా లేదని ఇట్టే తెలుస్తుంది. షేర్వానీ సాధారణంగా మోకాలి దగ్గరో, దానికి కాస్త కిందో ఆగుతుంది. పొట్టిగా ఉన్నవాళ్లకి మరీ కిందికి దిగితే కాళ్లు మాయమవుతాయి. సూటు కోటుకి పాతకాలం లెక్క ఒకటుంది. కాలర్ కింది కుట్టు నుంచి నేలకి ఉన్న దూరంలో సగం. 5 అడుగుల 8 అంగుళాల మనిషికి ఆ దూరం సుమారు 58 అంగుళాలు, కోటు 29. వెనకనుంచి తీసిన ఫోటో ఉంటే స్కేలు తెర మీద పెట్టి సగం వచ్చిందో లేదో మీరే చూసుకోవచ్చు. ఈ రోజుల్లో కొందరు ఒక అంగుళం పొట్టిగా కోరుకుంటారు. అంతకు మించితే పిరుదులు బయటపడి, చిన్నప్పటి కోటు తొడుక్కున్నట్టుంటుంది. ఇవన్నీ పెళ్లికి వేసుకునే చెప్పులూ బూట్లతోనే చూడాలి, మోజ్రీ వేసుకుని చూసిన ప్యాంటు పొడవు మడమ ఎత్తున్న బూట్లకి చాలదు.

ఫోటోకి అందనివీ ఉన్నాయి. బొత్తాలన్నీ పెట్టుకుని కూర్చోవాలి. పొట్ట దగ్గర గుడ్డ పగులుతుందేమో అనిపిస్తే, నిలబడ్డ ఫోటో ఎంత బాగున్నా ఛాతీ, నడుము వదులు చేయించాల్సిందే. బంద్‌గలా కాలర్‌లో ఒక వేలు దూరాలి. వంగి పెద్దవాళ్ల కాళ్లకి దండం పెట్టి చూడాలి. ఇవి మాటల్లో రాసి పంపితే మాస్టర్‌కి అర్థమవుతాయి.

రోజులు తక్కువుండి, అన్నీ మార్పించే వీల్లేకపోతే, వదులుగా ఉన్న భుజాన్ని ప్యాడ్‌తో సరిపెట్టి, చేతుల పొడవు మీద డబ్బూ సమయమూ పెట్టండి. షేర్వానీ అంచు అర అంగుళం ఎక్కువైనా ఎవరి కంటా పడదు, దండం పెట్టిన చేతుల మీద వేళ్లదాకా దిగిన పట్టీ ప్రతి ఫోటోలోనూ పడుతుంది. ఇక భుజం చాలని షేర్వానీ అయితే కుస్తీ పట్టకుండా అద్దెకో రెడీమేడ్‌కో వెళ్లడమే మంచిది, అక్కడా మొదట భుజం చూసి, మిగతావి తర్వాత.