రీసెర్చ్ అసిస్టెంట్ పోస్టుకు మెయిల్: ప్రకటనకూ మీ పనికీ లంకె ఎలా వేయాలి?

మన పరిశోధన సంస్థల్లో, విశ్వవిద్యాలయాల్లో రీసెర్చ్ అసిస్టెంట్ తరహా పోస్టులు చాలావరకు ఏదో ఒక ప్రాజెక్టు కింద వస్తాయి. కేంద్రంలోని డీఎస్‌టీ, డీబీటీ లాంటి విభాగాలు ఒక శాస్త్రవేత్తకు కొన్నేళ్ల గడువుతో నిధులిస్తాయి. ఆ నిధులతోనే జూనియర్ రీసెర్చ్ ఫెలోనో, ప్రాజెక్ట్ అసోసియేట్‌నో తీసుకుంటారు. ప్రాజెక్టు ముగిస్తే పోస్టూ ముగుస్తుంది. గడువులోగా ఫలితాలు చూపించాల్సిన బాధ్యత ఆ శాస్త్రవేత్తదే. కాబట్టి మెయిల్ తెరిచినప్పుడు ల్యాబ్ అధిపతికి ముందుగా తెలియాల్సినవి రెండు: ఈ అభ్యర్థి చేరగానే ఏ పని మొదలుపెట్టగలరు? ఏ పని నేర్పించాల్సి ఉంటుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్ వరిలో బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే రకాల మీద పనిచేస్తోంది అనుకోండి. ఈ రంగానికి మన దగ్గర మంచి పునాది ఉంది. సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి సాంబ మసూరిలోకి మూడు నిరోధక జన్యువులను చేర్చి రూపొందించిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. మన ఉదాహరణలోని ల్యాబ్ తన ప్రకటనలో నాలుగు అర్హతలు కోరింది: మొక్కల నుంచి డీఎన్‌ఏ తీయడం, పీసీఆర్, తెగులు సోకించి పరీక్షించడం, పొలంలో పనిచేయడానికి సిద్ధంగా ఉండటం. దరఖాస్తు చేసే అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టర్‌లో ఉంది. ఆమె ప్రాజెక్టు కూడా వరి మీదే.

ఇలాంటి సందర్భంలో ఎక్కువమంది రాసే మెయిల్ ఎలా ఉంటుందో మనకు తెలుసు. 'గౌరవనీయులైన సర్, నాకు పరిశోధన అంటే చాలా ఆసక్తి. కష్టపడి పనిచేస్తాను. డీఎన్‌ఏ ఐసోలేషన్, పీసీఆర్, జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ తెలుసు. అవకాశం ఇవ్వగలరని ప్రార్థన. బయోడేటా జతచేశాను.' ఇందులో అబద్ధం లేదు. కానీ ఇదే మెయిల్‌ను క్యాన్సర్ ల్యాబ్‌కైనా, చేపల ల్యాబ్‌కైనా పంపవచ్చు. 'పీసీఆర్ తెలుసు' అన్న మాట ప్రాక్టికల్ క్లాసులో ఒకసారి చేసినవారికీ ఆరు నెలలు రోజూ చేసినవారికీ ఒకేలా వర్తిస్తుంది. ఆ తేడా తెలుసుకోవాలంటే ల్యాబ్ అధిపతి బయోడేటా తెరిచి వెతుక్కోవాలి. దరఖాస్తులు కుప్పగా వచ్చినప్పుడు అంత ఓపిక ఉండదు.

కాబట్టి మెయిల్ మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ప్రకటనలోని నాలుగు అర్హతలను ఎడమవైపు రాసుకోవాలి. ఒక్కోదానికి ఎదురుగా తాను స్వయంగా చేసిన పని రాయాలి. ఏ పదార్థం మీద చేసింది, ఏ పద్ధతిలో, ఎన్ని నమూనాలు, ఫలితం ఏమిటి అన్నవి అందులో ఉండాలి. తర్వాత ఆ ల్యాబ్ ఇటీవలి పేపర్ ఒకటి తీసి, సారాంశంతో ఆగకుండా పద్ధతుల భాగం చదవాలి. అసలు లంకె దొరికేది అక్కడే. ల్యాబ్ ఏ మార్కర్లు వాడుతోంది, తెగులును ఎలా కొలుస్తోంది అన్నది ఆ పేజీల్లోనే ఉంటుంది.

ఈ అమ్మాయి అలా చదివితే, తాను ప్రాజెక్టులో వాడిన పీటీఏ248 మార్కర్‌నే ఆ ల్యాబ్ కూడా వాడుతోందని తెలుస్తుంది. ఎక్స్‌ఏ21 అనే నిరోధక జన్యువును గుర్తించడానికి వాడే మార్కర్ అది. తెగులు పరీక్ష మాత్రం ఆమె ఎప్పుడూ చేయలేదు. బాక్టీరియా ద్రావణంలో ముంచిన కత్తెరతో ఆకు కొసలు కత్తిరించి, సుమారు రెండు వారాల తర్వాత మచ్చ పొడవు కొలవడం ఆ పద్ధతి. ఇప్పుడు మెయిల్‌లోని ప్రధాన భాగం ఇలా రాయవచ్చు. అసలు ఉత్తరం ఇంగ్లిష్‌లో వెళ్తుంది, సారం మాత్రం ఇదే:

'ఎండాకు తెగులు ప్రాజెక్టులో మీరు ప్రకటించిన ప్రాజెక్ట్ అసోసియేట్ పోస్టుకు దరఖాస్తు చేస్తున్నాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో 30 వరి మొక్కల లేత ఆకుల నుంచి సీటాబ్ పద్ధతిలో డీఎన్‌ఏ తీసి, పీటీఏ248 మార్కర్‌తో ఎక్స్‌ఏ21 ఉందో లేదో చూశాను. మొదటిసారి ఆరు నమూనాల్లో బ్యాండ్ రాలేదు. 260/230 నిష్పత్తి తక్కువగా ఉండటంతో డీఎన్‌ఏను మళ్లీ శుద్ధి చేసి పీసీఆర్ చేస్తే వాటిలో నాలుగింటిలో వచ్చింది. మొక్కల ఎంపిక మా గైడ్ చేశారు, డీఎన్‌ఏ నుంచి జెల్ వరకు పని నాది. కత్తెరతో తెగులు సోకించే పద్ధతిని మీ పేపర్లో చదివాను, చేసిన అనుభవం లేదు. మా ఊళ్లో వరి పొలం ఉంది, నారుమడి నుంచి కోత వరకు పనులు తెలుసు. చివరి పరీక్షలు మేలో ముగుస్తాయి, జూన్‌లో చేరగలను.'

ఇందులో అన్నిటికన్నా బరువైనది బ్యాండ్ రాని ఆరు నమూనాల వాక్యం. మొక్కల డీఎన్‌ఏతో పాటు పిండి పదార్థాలు, ఫినాల్ లాంటివి కూడా వచ్చి పీసీఆర్‌ను అడ్డుకోవడం వరి ల్యాబుల్లో తరచూ ఎదురయ్యే సమస్య. నిష్పత్తి చూసి కారణం పట్టుకుందంటే యంత్రంలో నమూనాలు పెట్టి ఊరుకునే రకం కాదని తెలుస్తుంది. ఇంకా రెండు రాలేదన్న సంగతి దాచకపోవడం వల్ల మిగతా అంకెల మీదా నమ్మకం కుదురుతుంది.

'పని నాది' అన్న మాటకూ కారణముంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టులు తరచూ ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తారు. 'మేం చేశాం' అని రాస్తే ఎవరు ఏం చేశారో తేలదు. తెలియని పనిని తెలియదని ఒక్క వాక్యంలో చెప్పడం కూడా లాభమే. తెగులు పరీక్ష చేరాక నేర్పవచ్చు. వచ్చినట్టు రాసి ఇంటర్వ్యూలో దొరికిపోతే నేర్పే అవకాశమే ఉండదు.

మిగతావి చిన్న విషయాలే అయినా మెయిల్ పక్కన పడిపోవడానికి చాలు. సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు పేరు, ప్రకటన సంఖ్య, మీ పేరు ఉండాలి. బయోడేటాను పీడీఎఫ్‌గా మార్చి, ఫైలు పేరులో మీ పేరు పెట్టాలి. జెల్ ఫొటో ఒకటి అందులోనే చివరి పేజీలో చేర్చవచ్చు, విడి ఫైళ్లు గుట్టగా పంపకూడదు. ఒకే మెయిల్‌ను ఇరవై మంది శాస్త్రవేత్తలకు కలిపి పంపితే ఎవరూ అది తమకు రాసిందని అనుకోరు. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్‌కు కొనసాగింపుగా రెండు లైన్లు రాయవచ్చు. అంతకు మించి పదేపదే రాయనక్కర్లేదు.

ఈ మెయిల్‌కు ఒక హద్దు ఉంది. ప్రభుత్వ సంస్థల్లో ప్రకటన వెలువడ్డాక ఎంపిక చేసేది కమిటీ. ఆన్‌లైన్ ఫారం నింపడం, వాక్‌ఇన్ ఇంటర్వ్యూకు అసలు సర్టిఫికెట్లతో వెళ్లడం లాంటి షరతులు ఏవైనా ఉంటే తప్పవు, మెయిల్ వాటికి బదులు కాదు. వయసు, డిగ్రీ, నెట్ లేదా గేట్ లాంటి కనీస అర్హతలు లేకపోతే ఎంత మంచి మెయిల్ అయినా వాటిని దాటించలేదు.

పంపే ముందు ఒక పరీక్ష చేసుకోవాలి. మెయిల్‌లోని ఒక్కో వాక్యం మీద కమిటీ ప్రశ్నలు వేస్తే ఐదు నిమిషాలు మాట్లాడగలరా? పీటీఏ248తో నిరోధక మొక్కకూ, తెగులుకు లొంగే మొక్కకూ బ్యాండ్లలో తేడా ఏమిటి, రెండు బ్యాండ్లూ కనిపిస్తే అర్థమేమిటి, కంట్రోల్‌గా ఏం పెట్టారు అని అడుగుతారు. ఏ వాక్యం దగ్గర మాట తడబడుతుందో, దాన్ని తీసేయాలి. లేదా ఇంటర్వ్యూ లోపు ఆ రికార్డు పుస్తకం తెరిచి మళ్లీ చదువుకోవాలి.