స్కానింగు చీటీలో అడగవలసిన ప్రశ్న

కాలి సిరలో గడ్డకట్టిన రక్తం కదలిపోయి పుపుస ధమనిలో అడ్డుపడితే ప్రాణాపాయం. "ఆయాసం, ఛాతీకి సి.టి." అని మాత్రమే వ్రాస్తే, కాంట్రాస్టు మందు ఎక్కించకుండానే చిత్రం తీయవచ్చు. అందులో ఆ గడ్డ సాధారణంగా కనబడదు. అయొడిను గల ఆ మందు పుపుస ధమనులలో నిండిన కొద్ది సెకండ్లలోనే చిత్రం తీయాలి. అప్పుడు తెల్లని ధమనిలో గడ్డ నల్లగా కనిపిస్తుంది.

అందుచేత చీటీ ఇట్లుండాలి: "పుపుస ధమనిలో గడ్డ ఉన్నదా? వయస్సు 58. తుంటి శస్త్రచికిత్స జరిగి 10 రోజులు. నిన్నటినుండి ఆయాసం, కుడి పిక్క వాపు. నాడి 112. మూత్రపిండాలు బాగున్నవి. కాంట్రాస్టు మందు ఇదివరకు వికటించలేదు."

ఇందులో ప్రశ్నను బట్టి చిత్రం తీసే క్షణం నిర్ణయమవుతుంది. శస్త్రచికిత్స, వాపు, నాడి అనుమానపు బలాన్ని తెలుపుతాయి. చివరి రెండు మాటలు మందు ఎక్కించడం క్షేమమో కాదో చెబుతాయి.