రంగును చెప్పే పెట్టె

క్రిప్టోసయనిన్ అనే రంగు పొడిని చిటికెడు ఆల్కహాల్‌లో వేస్తే ద్రావణం నీలి ఆకుపచ్చగా మారుతుంది. ఎరుపు చివరన, సుమారు 705 నానోమీటర్ల దగ్గరి కాంతిని అది మింగేస్తుంది. మిగిలినదే మన కంటికి చేరుతుంది. ఇలాంటి రంగుల తరంగదైర్ఘ్యాన్ని అణువు పొడవును బట్టి కాగితం మీదే రాబట్టవచ్చని 1940ల చివర్లో హాన్స్ కూన్ చూపాడు.

ఈ అణువులో రెండు నైట్రోజన్ల మధ్య తొమ్మిది కార్బన్ల గొలుసు ఉంటుంది. కార్బన్‌కు ఒకటి చొప్పున తొమ్మిది, నైట్రోజన్ల నుంచి మూడు, మొత్తం 12 ఎలక్ట్రాన్లు ఏ బంధానికీ కట్టుబడకుండా గొలుసంతా తిరుగుతాయి. కూన్ ఆ గొలుసును ఒక సన్నని పెట్టె అనుకున్నాడు. రెండు గోడల మధ్య చిక్కిన ఎలక్ట్రాన్ కొసలు బిగించిన వీణ తీగ లాంటిది. దానిలో సగం అల పట్టాలి, లేదా రెండు సగాలు, మూడు సగాలు. నడుమ ఇంకేదీ కుదరదు. అందుకే శక్తి మెట్లు మెట్లుగా ఉంటుంది:

E = n²h²/8mL²

ఇక్కడ n మెట్టు సంఖ్య, L పెట్టె పొడవు. మెట్టుకు రెండేసి ఎలక్ట్రాన్ల చొప్పున ఆరు మెట్లు నిండుతాయి. కాంతి తగిలితే ఆరో మెట్టు మీది ఎలక్ట్రాన్ ఏడో మెట్టుకు ఎక్కుతుంది. 49లోంచి 36 తీస్తే 13.

ఇక పొడవు. నైట్రోజన్ల మధ్య పది బంధాలున్నాయి, ఒక్కోటి 0.139 నానోమీటర్లు. ఎలక్ట్రాన్ మబ్బు నైట్రోజన్ దగ్గర టక్కున ఆగిపోదు కాబట్టి రెండు వైపులా ఒక్కో బంధమంత కలిపితే L 1.67 నానోమీటర్లు. లెక్క కడితే వచ్చేది 706!

అయితే, ఆ రెండు బంధాలూ కలపకపోతే జవాబు 490కి పడిపోతుంది. మరి కావాలనే సరిపెట్టారా? ఈ అనుమానం న్యాయమైనదే. దాన్ని తేల్చడానికి ఇదే కుటుంబంలోని పొట్టి అణువును చూడాలి. దాని గొలుసులో కార్బన్లు ఏడే, ఎలక్ట్రాన్లు పది. అదే నియమం, ఏ సవరణా లేకుండా, 579 అంటుంది. కొలిస్తే దాదాపు 590.

ఇదే పెట్టెను క్యారెట్‌కు నారింజ రంగునిచ్చే బీటా కెరోటిన్‌కు పెడితే మాత్రం బోల్తా కొడుతుంది. 22 ఎలక్ట్రాన్లు, 21 బంధాలు తీసుకుంటే 1200 నానోమీటర్లు దాటి, కంటికి కనిపించని పరారుణంలో పడుతుంది. నిజంగా అది మింగేది 450 దగ్గరి నీలాన్ని. తేడా గొలుసు అల్లికలో ఉంది. సయనిన్‌లో ధనావేశం ఏ నైట్రోజన్ మీదైనా ఉండగలదు, ఆ రెండు రూపాలూ సమానమే, అందువల్ల బంధాలన్నీ ఇంచుమించు ఒకే పొడవున ఉంటాయి. పెట్టె నేల చదునుగా ఉంటుంది. కెరోటిన్‌లో ఒక బంధం పొట్టిది, పక్కది పొడుగుది. ఎలక్ట్రాన్‌కు అది ఎగుడుదిగుడు నేల. కూన్ నేలకు అలల ఆకారమిచ్చి లెక్క సరిదిద్దాడు. అలాంటి నేల మీద గొలుసును ఎంత పొడిగించినా, నిండిన మెట్టుకూ ఖాళీ మెట్టుకూ మధ్య కొంత ఎడం మిగిలే ఉంటుంది.