సగటు తీస్తే హద్దు సరిపోతుందా?

పొలం హద్దు రాయి మీద ఫోన్ పెట్టి పది నిమిషాలు జీపీఎస్ రీడింగులు తీశారనుకుందాం. అన్నీ మీటరు వృత్తంలోనే పడ్డాయి. ఆ గుంపు మాత్రం రాయికి మూడు మీటర్లు తూర్పున ఉంది. రీడింగులు ఒకదానికొకటి దగ్గరే, నిజానికే దూరం.

సగటు ఆ చెదురును తగ్గిస్తుంది, గుంపును రాయి మీదికి జరపదు. వరుస సెకన్ల రీడింగులన్నిటికీ అవే ఉపగ్రహాలు, అదే వాతావరణం, పక్క గోడ నుంచి వచ్చే అవే ప్రతిఫలనాలు. తప్పూ ఉమ్మడిదే! కొన్ని గంటల తర్వాత ఉపగ్రహాల అమరిక మారాక మళ్లీ కొలిస్తే సగటు కదులుతుంది. పాత లోపం అప్పుడు బయటపడుతుంది.

ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వేలో రోవర్‌కు స్థిర కేంద్రాల నుంచి సవరణలు అందుతాయి. అవి ఉమ్మడి లోపాన్నే తీసేస్తాయి, కొలత సెంటీమీటర్లకు దిగుతుంది. గోడ ప్రతిఫలనాలను మాత్రం అవీ తీయలేవు.